ఎవరి మాట ఎవరికి చేరుతుంది?

1932లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, హడ్సన్ పట్టణంలో ఉన్న ఒక బాలికల శిక్షణాలయం నుంచి రెండు వారాల్లో 14 మంది అమ్మాయిలు పారిపోయారు. ఏదో ఒక తప్పు చేసి పట్టుబడిన ఆడపిల్లల్ని ప్రభుత్వం ఉంచే చోటది. ఎప్పుడో ఒకరిద్దరు తప్పించుకోవడం మామూలే కానీ, ఇంతమంది వరసగా వెళ్లిపోవడం అక్కడివాళ్లకు అంతుపట్టలేదు. అందరూ ఒక కాటేజీలో ఉండేవాళ్లు కూడా కాదు.

జేకబ్ మొరీనో అనే మానసిక వైద్యుడు, ఆయనతో పనిచేసిన హెలెన్ జెన్నింగ్స్ ఆ పిల్లలు ఎవరితో కలిసి ఉండాలనుకుంటున్నారో అడిగి తెలుసుకున్నారు. ఒక్కో అమ్మాయికి ఒక్కో సున్నా చుట్టి, ఎవరు ఎవరిని కోరుకున్నారో గీతలతో కలిపారు. పారిపోయిన పిల్లలు ఆ పటంలో ఒక గొలుసులా కనిపించారు. ఒక కాటేజీ నుంచి ఇంకో కాటేజీకి స్నేహాలున్నాయి, ఆ స్నేహాల వెంటే పారిపోవాలన్న ఆలోచన నడిచింది. తమ మీద ఎవరి ప్రభావమైనా ఉందని ఆ పిల్లలకే తెలిసి ఉండకపోవచ్చని మొరీనో అభిప్రాయం. 1934లో ఆయన వేసిన పుస్తకంతో ఈ పద్ధతికి పేరొచ్చింది. స్కూల్ కౌన్సెలింగ్ చదివేవాళ్లు సోషియోగ్రామ్ అని నేర్చుకునేది దీన్నే.

ఇప్పుడు మన బళ్లకు వద్దాం. కౌన్సెలర్ ముందు కూర్చున్న తల్లిదండ్రుల్లో చాలామంది అనే మాట ఒకటే: "మావాడు మంచోడే మేడమ్, ఆ స్నేహాల వల్లే పాడయ్యాడు." ఈ మాటను కొట్టిపారేయడానికి లేదు, అలాగని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడానికీ లేదు. సిగరెట్ తాగే ఇద్దరు కుర్రాళ్లు స్నేహితులుగా కనిపించారంటే, ఒకడు రెండోవాడికి అలవాటు చేసి ఉండొచ్చు. లేదా ఇద్దరికీ ముందే అలవాటుండి, అందుకే దగ్గరై ఉండొచ్చు. మొదటిది ప్రభావం, రెండోది ఎంపిక. ఈరోజు వాళ్లిద్దర్నీ చూసి ఏది నిజమో ఎవరూ చెప్పలేరు. ముందేం జరిగిందో, తర్వాతేం జరిగిందో తెలియాలి.

డెనిస్ కాండెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1978లో ప్రచురించిన పరిశోధన ఆ పనే చేసింది. న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూలు పిల్లల జంట స్నేహాల్ని విద్యాసంవత్సరం మొదట్లో ఒకసారి, చివర్లో ఇంకోసారి పరిశీలించింది. నిలిచిన స్నేహాలు, తెగిన స్నేహాలు, కొత్తగా కలిసినవి విడివిడిగా పోల్చింది. స్నేహితులు కాకముందే పోలికలున్నాయి, అయ్యాక ఇంకా పెరిగాయి. గంజాయి వాడకం, చిన్నచిన్న తప్పులు, చదువు మీద ఆశలు వంటి విషయాల్లో ఎంపిక, ప్రభావం రెండూ దాదాపు సమానంగా పనిచేశాయని తేలింది.

అది కౌన్సెలర్‌కు ఎలా పనికొస్తుందో చూడటానికి, తొమ్మిదో తరగతిలో ఒక కుర్రాడిని ఊహించుకుందాం. దసరా సెలవుల తర్వాత బడి ఎగ్గొట్టడం మొదలుపెట్టాడు. అదృష్టవశాత్తూ కౌన్సెలర్ జులైలోనే తరగతి మొత్తానికి ఒక చీటీ ఇచ్చింది. "గత నెల రోజుల్లో మన బడిలో నువ్వు ఎవరెవరితో ఎక్కువసేపు గడిపావు? పది మందికి మించకుండా రోల్ నంబర్లు రాయి." ప్రాణస్నేహితుడెవరని అడగలేదు. అలా అడిగితే పిల్లలు తమకున్న స్నేహం బదులు తాము కోరుకునే స్నేహం రాస్తారు. ఎవరంటే ఇష్టంలేదనీ అడగలేదు. ఆ ప్రశ్న పీరియడ్ అయ్యేలోపే కొత్త గొడవలు పుట్టిస్తుంది. వచ్చిన చీటీలు ఎవరికీ చూపించదు, క్లాస్ టీచర్‌కు కూడా.

జులై పటంలో మన కుర్రాడి నుంచి నలుగురికి బాణాలు వెళ్లాయి. ఆ నలుగురూ పోయినేడాది వాడి సెక్షన్‌వాళ్లే. వాళ్లలో ఒక్కడే తిరిగి వీడి నంబరు రాశాడు. డిసెంబరులో మళ్లీ చీటీలు ఇచ్చేసరికి ఆ ఒక్క బాణమూ లేదు. బడి ఎగ్గొట్టే ఇద్దరితో కొత్తగా రాకపోకలు కలిశాయి. హాజరు పట్టీ పక్కన పెట్టుకుని చూస్తే, ఆ ఇద్దరితో పరిచయానికి ముందే వీడి గైర్హాజరు మొదలైంది. ఇంట్లోవాళ్లు చెప్పే వరస తిరగబడింది. పాత స్నేహాలు తెగాయి, బడి మీద మనసు పోయింది, ఆ తర్వాతే ఈ ఇద్దరు దొరికారు. వాళ్లతో మాట్లాడొద్దని ఆంక్ష పెడితే వాడు ఆగుతాడన్న నమ్మకం నాకు లేదు. ఖాళీ అలాగే ఉంటే ఇంకొకరు వచ్చి చేరతారు.

ఈ పటం చెప్పేది ఒక్కడి సంగతే కాదు. ఎవరి వైపు ఎక్కువ బాణాలు వస్తున్నాయో చూస్తే, తరగతి ఎవరిని గమనిస్తోందో తెలుస్తుంది. వాళ్లు క్లాస్ లీడరో, ఫస్ట్ ర్యాంకరో అయి ఉండాలన్న నియమం లేదు. న్యూజెర్సీలో ఎలిజబెత్ లెవీ పాలక్, ఆమె సహచరులు 2012-13లో 56 మిడిల్ స్కూళ్లలో ఇదే విషయాన్ని పరీక్షకు పెట్టారు. సుమారు 24 వేల మంది పిల్లల్ని, ఎవరితో కాలం గడుపుతారో రాయమన్నారు. సగం బళ్లలో 20 నుంచి 32 మందిని లాటరీ పద్ధతిలో ఎంచి, తమ బడిలో ఎలాంటి గొడవలు జరుగుతున్నాయో వాళ్లనే గుర్తించమన్నారు, ఏం చేయాలో వాళ్లనే తేల్చుకోమన్నారు. పిల్లలు పోస్టర్లు వేశారు. ఎవరైనా తోటివాళ్లతో మంచిగా మెలిగితే చేతికి నారింజ రంగు బ్యాండు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ బళ్లలో క్రమశిక్షణ చర్య దాకా వెళ్లిన గొడవలు, కార్యక్రమం పెట్టని బళ్లతో పోలిస్తే సుమారు 25 శాతం తక్కువ. ఎంపికైన గుంపులో ఎక్కువ బాణాలందుకున్న పిల్లలు ఎంతమంది ఉంటే ఫలితం అంత బలంగా కనిపించింది. పెద్దలు మెచ్చిన బుద్ధిమంతులతోనే కమిటీ వేసే మన అలవాటును మార్చుకోవాలని నేను గట్టిగా అనుకునేది ఇందుకే.

ఇంతకంటే ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటి ఉంది. గొడవ చేసే పిల్లలందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇవ్వడం. టామస్ డిషియన్ బృందం 13, 14 ఏళ్ల అబ్బాయిల్ని స్నేహితుడితో కలిపి కూర్చోబెట్టి, వాళ్ల మాటల్ని వీడియో తీసింది. కొన్ని జంటల్లో దొంగతనం గురించో, టీచర్‌ను ఏడిపించడం గురించో ఎత్తగానే అవతలివాడు నవ్వేవాడు. మామూలు మాటలకు ఆ నవ్వు ఉండేది కాదు. ఆ జంటల్లోని పిల్లలే తర్వాతి రెండేళ్లలో ఎక్కువగా దారి తప్పారు. 1999లో డిషియన్, మరో ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన వ్యాసం ఇంకో సంగతి బయటపెట్టింది. పిల్లల్ని బాగుచేయడానికి పెట్టిన గుంపు తరగతులకు వెళ్లినవాళ్లలో సిగరెట్ వాడకం, బడిలో తప్పుడు ప్రవర్తన పెరిగాయి. పాఠం చెప్పినది పెద్దలే, కానీ విరామంలో పక్కవాడు నవ్విన నవ్వు ఎక్కువ పనిచేసింది.

కాబట్టి మన తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి అలాంటి గుంపులో వేయకూడదు. కౌన్సెలర్ డిసెంబరు పటం మళ్లీ తీసి, తను రాయకపోయినా వాడి నంబరు రాసినవాళ్లు ఉన్నారేమో వెతికింది. ఇద్దరున్నారు, మూడో బెంచీవాళ్లు. సైన్స్ ప్రాజెక్టుకు ముగ్గుర్నీ ఒక జట్టుగా వేయమని టీచర్‌ను అడిగింది, కారణం చెప్పలేదు. ఈ పటానికి అందనివీ ఉన్నాయి. ట్యూషన్ స్నేహాలు, వీధిలోవాళ్లు, ఫోన్లో పరిచయమైనవాళ్లు బడి చీటీలో కనిపించరు. వాటి కోసం వాడితోనే విడిగా మాట్లాడాలి. ఫిబ్రవరిలో మూడోసారి చీటీలు పంచుతారు. ఆ ఇద్దరి వైపు వాడి నుంచి కూడా బాణం వెళ్లిందా, హాజరు పెరిగిందా అన్నవి అప్పుడు పక్కపక్కన పెట్టి చూడాలి.