తొలి జీతం, టర్మ్ పాలసీ: కవర్ ఎంత, నామినీ ఎవరు?

ఓ పాతికేళ్ల అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందనుకుందాం. నెలకు 40 వేలు చేతికొస్తాయి. అందులో 20 వేలు ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు పంపుతాడు. చదువుకు తీసుకున్న బ్యాంకు అప్పు ఇంకా 6 లక్షలు మిగిలింది. ఇతను ఎంతకు టర్మ్ పాలసీ తీసుకోవాలి?

పాలసీ గడువులోగా మనిషి పోతే ఇంటివాళ్లకు అందే మొత్తమే కవర్. గడువు దాటితే మామూలు టర్మ్ పాలసీలో పైసా తిరిగి రాదు. ఇందులో పొదుపు లేదు కాబట్టే తక్కువ ప్రీమియానికి పెద్ద కవర్ దొరుకుతుంది.

లెక్క ఇంటికి పంపే డబ్బుతో మొదలుపెట్టాలి. నెలకు 20 వేలంటే ఏడాదికి 2.4 లక్షలు. ఆరు శాతం వడ్డీ మీద అంత రావాలంటే బ్యాంకులో 40 లక్షలు ఉండాలి. అప్పు కలిపితే 46 లక్షలు. ధరలు ఏటా పెరుగుతాయి కనుక నా లెక్కలో ఇతనికి 75 లక్షలు సబబు. ఆఫీసువాళ్లు ఇచ్చే గ్రూప్ ఇన్సూరెన్స్‌ను ఇందులోంచి తీసేయకూడదు. ఉద్యోగం మానితే సాధారణంగా అదీ పోతుంది.

ప్రీమియం అంటే ఆ కవర్ కోసం మనం కట్టే సొమ్ము. చేరేనాటి వయసు, ఆరోగ్యం, పొగతాగే అలవాటు చూసి దాన్ని నిర్ణయిస్తారు. మామూలు పాలసీల్లో చివరిదాకా అదే ఉంటుంది. ఏడాదికోసారి కట్టేవాళ్లకు గడువు తేదీ తర్వాత 30 రోజులు, నెలనెలా కట్టేవాళ్లకు 15 రోజులు వెసులుబాటు ఉంటుంది. అదీ దాటితే పాలసీ ల్యాప్స్ అవుతుంది. ప్రీమియం తగ్గుతుందని సిగరెట్టు అలవాటునో, షుగరునో దాచొద్దు. మొదటి మూడేళ్లలో మరణం సంభవిస్తే కంపెనీ పాత మెడికల్ రికార్డులు తిరగేసి, ఆ కారణంతోనే క్లెయిమ్ తిరస్కరించవచ్చు.

నామినీ దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. 2015లో బీమా చట్టాన్ని సవరించాక, నామినీలుగా రాసిన అమ్మానాన్నలకు, భార్య లేదా భర్తకు, పిల్లలకు ఆ డబ్బుపై సొంత హక్కు వచ్చింది. తమ్ముణ్నో స్నేహితుణ్నో రాస్తే అతను డబ్బు అందుకుంటాడే గానీ, అది చట్టపరమైన వారసులకే చెందుతుంది. మైనర్ పిల్లల్ని రాస్తే, వాళ్ల తరఫున సొమ్ము తీసుకునే పెద్దవాళ్ల పేరు కూడా ఇవ్వాలి.

మన అబ్బాయి ఇప్పుడు అమ్మ పేరు రాస్తాడు. రేపు పెళ్లయితే అది దానంతటదే భార్య పేరుకు మారదు. ఇద్దరికీ అందాలంటే చెరి సగమనో, మరోలాగో వాటాలు రాసి నామినేషన్ మార్పు ఫారం ఇవ్వాలి. మార్పు నమోదైనట్టు కంపెనీ ఇచ్చే కాగితాన్ని పాలసీ బాండుతో కలిపి పెట్టి, అవి ఎక్కడున్నాయో ఆ ఇద్దరికీ చెప్పాలి.