ఎంట్నర్-డౌడొరాఫ్ పథం: గ్లైకాలిసిస్‌తో పోలిక

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

- ఎంట్నర్-డౌడొరాఫ్ పథంలోని దశలను వరుసగా వివరించగలుగుతారు.
- ఈ పథంలోను, గ్లైకాలిసిస్‌లోను లభించే ఏటీపీని లెక్కగట్టి పోల్చగలుగుతారు.
- ఒక బాక్టీరియా ఏ పథాన్ని వాడుతున్నదో ఎలా తెలుసుకోవచ్చో చెప్పగలుగుతారు.
- ఈ పథాన్ని వాడే ముఖ్యమైన బాక్టీరియాలను ఉదాహరణలతో పేర్కొనగలుగుతారు.

7.1 పరిచయం

గ్లూకోజ్ రెండు పైరువేట్ అణువులుగా విడిపోవడాన్ని గత యూనిట్‌లో గ్లైకాలిసిస్ పేరుతో చదివారు. దీనికే ఎంబ్డెన్-మేయర్‌హాఫ్-పర్నాస్ పథం అని మరో పేరు. ఈస్ట్‌లోను, మన కండరాలలోను ఇదే జరుగుతుంది. అయితే బాక్టీరియాలన్నీ ఈ దారినే అనుసరించవు. 1952లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నేథన్ ఎంట్నర్, మైఖేల్ డౌడొరాఫ్ అనే శాస్త్రవేత్తలు సూడోమోనాస్ సకరోఫిలా అనే బాక్టీరియాలో గ్లూకోజ్ మరో దారిలో విచ్ఛిన్నమవుతున్నదని చూపారు. ఆ దారికి వారి పేర్లే స్థిరపడ్డాయి.

ఈ పథంలో ఒక గ్లూకోజ్ అణువుకు నికరంగా ఒకే ఏటీపీ లభిస్తుంది. గ్లైకాలిసిస్‌లో రెండు లభిస్తాయి. సగం లాభమే ఇచ్చే దారిని కొన్ని బాక్టీరియాలు ఎందుకు విడిచిపెట్టలేదన్నదే ఈ యూనిట్‌లోని ప్రధాన ప్రశ్న. దీనికి సమాధానాన్ని జైమోమోనాస్ మొబిలిస్ అనే బాక్టీరియాను ఆధారంగా చేసుకొని చూద్దాం. ఇది చక్కెర ఎక్కువగా ఉండే మొక్కల రసాలలో పెరుగుతుంది. మెక్సికోలో కిత్తనార జాతి మొక్కల రసం నుంచి తయారయ్యే పుల్కే అనే పానీయంలోను, తాటి వంటి చెట్ల నుంచి తీసే కల్లులోను ఇది కనిపిస్తుంది.

7.2 పథంలోని దశలు

మొదటి దశ. గ్లూకోజ్ ఒక ఏటీపీని వినియోగించుకొని గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌గా మారుతుంది. ఇంతవరకు గ్లైకాలిసిస్‌కు, దీనికి తేడా లేదు.

రెండవ దశ. ఇక్కడ రెండు దారులు విడిపోతాయి. గ్లైకాలిసిస్‌లో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ ముందు ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్‌గా మారి, ఆపై ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైమ్ సాయంతో రెండవ ఫాస్ఫేట్‌ను పొందుతుంది. ఎంట్నర్-డౌడొరాఫ్ పథంలో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ నేరుగా ఆక్సీకరణం చెందుతుంది. ఫలితంగా ఏర్పడిన లాక్టోన్ నీటితో చర్య జరిపి 6-ఫాస్ఫోగ్లూకోనేట్‌గా మారుతుంది. ఈ ఆక్సీకరణంలో ఒక ఎన్ఏడీపీహెచ్ ఏర్పడుతుంది. జైమోమోనాస్‌లోని ఎంజైమ్ ఎన్ఏడీని కూడా ఉపయోగించుకోగలదు.

మూడవ దశ. 6-ఫాస్ఫోగ్లూకోనేట్ నుంచి ఒక నీటి అణువు తొలగిపోతుంది. అప్పుడు 2-కీటో-3-డీఆక్సీ-6-ఫాస్ఫోగ్లూకోనేట్ ఏర్పడుతుంది. దీనిని క్లుప్తంగా కేడీపీజీ అంటారు. ఈ చర్యను జరిపే ఎంజైమ్ 6-ఫాస్ఫోగ్లూకోనేట్ డీహైడ్రటేజ్.

నాలుగవ దశ. కేడీపీజీ ఆల్డొలేజ్ అనే ఎంజైమ్ ఆరు కార్బన్ల కేడీపీజీని సరిగ్గా మధ్యకు విడగొడుతుంది. మొదటి మూడు కార్బన్లు అక్కడికక్కడే పైరువేట్ అవుతాయి. మిగిలిన మూడు గ్లిసరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్ అవుతాయి. మూడవ, నాలుగవ దశల ఎంజైములు రెండూ ఈ పథానికే ప్రత్యేకమైనవి.

చివరి దశలు. గ్లిసరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్ గ్లైకాలిసిస్‌లోని చివరి భాగం గుండానే ప్రయాణించి రెండవ పైరువేట్ అవుతుంది. ఈ క్రమంలో రెండు ఏటీపీలు, ఒక ఎన్ఏడీహెచ్ ఏర్పడతాయి.

7.3 ఏటీపీ లెక్క

రెండు పథాలలోను ఏటీపీ తయారయ్యేది గ్లిసరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్ తరువాతి భాగంలోనే. గ్లైకాలిసిస్‌లో ఒక గ్లూకోజ్ నుంచి రెండు గ్లిసరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్ అణువులు ఈ భాగానికి చేరుతాయి. ఎంట్నర్-డౌడొరాఫ్ పథంలో ఒక్కటే చేరుతుంది. రెండవ సగం ముందే పైరువేట్ అయిపోయింది కాబట్టి దాని నుంచి ఏటీపీ రాదు. తేడా అంతా ఇక్కడే ఉంది.

| అంశం | గ్లైకాలిసిస్ | ఎంట్నర్-డౌడొరాఫ్ పథం |
|---|---|---|
| వినియోగమైన ఏటీపీ | 2 | 1 |
| తయారైన ఏటీపీ | 4 | 2 |
| నికర ఏటీపీ | 2 | 1 |
| క్షయకరణ శక్తి | 2 ఎన్ఏడీహెచ్ | 1 ఎన్ఏడీహెచ్, 1 ఎన్ఏడీపీహెచ్ |
| పైరువేట్ | 2 | 2 |

ఈ లెక్క నిజమేనా అన్నది కణాల పెరుగుదలలో చూడవచ్చు. ఆక్సిజన్ లేనప్పుడు ఈస్ట్‌కు, జైమోమోనాస్‌కు ఏటీపీ ప్రధానంగా ఈ పథాల నుంచే రావాలి. అందుచేత ఏటీపీ సగమైతే తయారయ్యే కణాల బరువు కూడా తగ్గాలి. 1960లో బౌకాప్, ఎల్స్‌డెన్ అనే శాస్త్రవేత్తలు ప్రచురించిన ఫలితాలలో ఒక మోల్ గ్లూకోజ్‌కు, అంటే 180 గ్రాములకు, ఈస్ట్ సుమారు 21 గ్రాముల పొడి కణ పదార్థాన్ని ఇచ్చింది. జైమోమోనాస్ సుమారు 8 గ్రాములే ఇచ్చింది. సగానికన్నా కొంత తక్కువే అయినా, లెక్క చూపిన దిశలోనే ఫలితం వచ్చింది.

ఆల్కహాల్ విషయం ఇందుకు భిన్నం. రెండు జీవులలోను ఒక గ్లూకోజ్ నుంచి రెండు పైరువేట్లు, వాటి నుంచి రెండు ఇథనాల్ అణువులు వస్తాయి. 180 గ్రాముల గ్లూకోజ్‌కు 92 గ్రాముల ఇథనాల్, అంటే గ్రాముకు 0.51 గ్రాములు, ఇద్దరికీ ఒకే గరిష్ఠ పరిమితి. జైమోమోనాస్‌లో కణాలుగా మారే చక్కెర తక్కువ కాబట్టి అది ఈ పరిమితికి మరింత దగ్గరగా వెళ్తుంది. కణానికి నష్టంగా కనిపించేది ఆల్కహాల్ తయారీకి లాభమవుతున్నది.

7.4 తక్కువ ఏటీపీ, తక్కువ ఎంజైమ్

ఒక పథాన్ని నడపడానికి ఎంజైములు కావాలి. ఎంజైములు ప్రోటీన్లు. వాటిని తయారుచేయడానికి కణం ఏటీపీని, అమైనో ఆమ్లాలను ఖర్చు చేస్తుంది. కాబట్టి పథం ఎంత ఏటీపీని ఇస్తుందన్న దానితోపాటు, దాన్ని నడపడానికి ఎంత ప్రోటీన్ అవసరమన్నది కూడా చూడాలి.

గ్లైకాలిసిస్‌లో ఫ్రక్టోజ్-1,6-బిస్ఫాస్ఫేట్‌ను విడగొట్టే ఆల్డొలేజ్ చర్య సమతాస్థితికి దగ్గరగా ఉంటుంది. అలాంటి చర్య ముందుకు జరుగుతున్నంత వేగంగానే వెనక్కు కూడా జరుగుతుంది. నికరంగా కొంత ముందుకు సాగాలంటే ఎంజైమ్ చాలా ఎక్కువగా ఉండాలి. ఎంట్నర్-డౌడొరాఫ్ పథం ఈ చర్యను తప్పించుకుంటుంది. గ్లూకోజ్‌లోని శక్తిలో ఎక్కువ భాగాన్ని ఏటీపీగా నిల్వ చేయకుండా విడిచిపెడుతుంది కాబట్టి దాని చర్యలు ముందువైపుకే బలంగా సాగుతాయి. 2013లో ఫ్లామ్‌హోల్జ్, ఆయన సహచరులు చేసిన గణన ప్రకారం, గ్లూకోజ్‌ను ఒకే వేగంతో విచ్ఛిన్నం చేయడానికి గ్లైకాలిసిస్‌కు ఈ పథంకన్నా కొన్ని రెట్లు ఎక్కువ ఎంజైమ్ ప్రోటీన్ అవసరం.

దీనిని బట్టి ఒక సూత్రం చెప్పుకోవచ్చు. ఏటీపీకి మరో వనరు ఉన్న జీవికి ఒక ఏటీపీ పోయినా పెద్ద నష్టం లేదు, ప్రోటీన్ మాత్రం ఆదా అవుతుంది. ఆక్సిజన్‌తో శ్వాసక్రియ జరిపే బాక్టీరియాలు ఈ కోవకు చెందుతాయి. కేవలం కిణ్వనంపై ఆధారపడే జీవికి మాత్రం ప్రతి ఏటీపీ విలువైనది. అందుకే అలాంటి జీవులలో ఈ పథం అరుదు.

జైమోమోనాస్ ఈ సూత్రానికి పేరుపొందిన మినహాయింపు. అది తన నష్టాన్ని వేగంతో పూడ్చుకుంటుంది. గ్లూకోజ్‌ను ఇథనాల్‌గా మార్చే ఎంజైములే దాని కరిగే ప్రోటీన్‌లో దాదాపు సగం ఉంటాయి. చక్కెర పుష్కలంగా ఉండే రసంలో నివసిస్తుంది కనుక పొదుపు దానికి అంత అవసరం లేదు.

7.5 ఏ బాక్టీరియాలు వాడతాయి?

సూడోమోనాస్. సూడోమోనాస్ ఎరుజినోసా, సూడోమోనాస్ పుటిడా వంటి జాతులలో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ లేదు. కాబట్టి గ్లూకోజ్ విచ్ఛిన్నానికి గ్లైకాలిసిస్ మార్గం వాటికి మూసుకుపోయింది. ఇవి గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని కణపొరకు వెలుపలే గ్లూకోనేట్‌గా ఆక్సీకరణం చేసి, ఆపై లోపలికి తీసుకొని ఈ పథంలోకి చేరుస్తాయి.

మట్టిలోను, మొక్కలతోను జీవించేవి. అజోటోబాక్టర్, రైజోబియం, అగ్రోబాక్టీరియం, జాంథోమోనాస్ ప్రజాతులలో కూడా ఇది ప్రధాన పథం. ఇవన్నీ గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలు, ఆక్సిజన్‌తో శ్వాసించేవి. గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాలలో ఈ పథం అరుదు.

ఎశ్చరీషియా కోలై. ఈ బాక్టీరియాలో రెండు పథాలూ ఉన్నాయి. గ్లూకోజ్ లభిస్తే ముఖ్యంగా గ్లైకాలిసిస్‌నే వాడుతుంది. గ్లూకోనేట్ లభించినప్పుడు మాత్రం ఎంట్నర్-డౌడొరాఫ్ పథం ఎంజైములను తయారుచేసుకుంటుంది. గ్లూకోనేట్ ఒక ఏటీపీతో 6-ఫాస్ఫోగ్లూకోనేట్‌గా మారి నేరుగా మూడవ దశలో ప్రవేశిస్తుంది.

7.6 ఏ పథం నడుస్తున్నదో గుర్తించడం

గ్లూకోజ్‌లోని కార్బన్లకు 1 నుంచి 6 వరకు సంఖ్యలు ఇవ్వండి. పైరువేట్ నుంచి ఇథనాల్ తయారయ్యేటప్పుడు దాని కార్బాక్సిల్ కార్బన్ కార్బన్ డై ఆక్సైడ్‌గా వెలువడుతుంది. ఆ కార్బన్ గ్లూకోజ్‌లోని ఏ స్థానం నుంచి వచ్చిందన్నదే ఇక్కడి ప్రశ్న.

గ్లైకాలిసిస్‌లో పైరువేట్ల కార్బాక్సిల్ కార్బన్లు గ్లూకోజ్‌లోని 3వ, 4వ కార్బన్లు. ఎంట్నర్-డౌడొరాఫ్ పథంలో అవి 1వ, 4వ కార్బన్లు. 1వ కార్బన్‌ను రేడియోధార్మిక కార్బన్-14తో గుర్తించిన గ్లూకోజ్‌ను ఈస్ట్‌కు ఇస్తే ఆ గుర్తు ఇథనాల్‌లో మిగులుతుంది. జైమోమోనాస్‌కు ఇస్తే కార్బన్ డై ఆక్సైడ్‌లో బయటకు వస్తుంది. 1954లో గిబ్స్, డిమాస్ ఈ పద్ధతితోనే ఆ బాక్టీరియాలోని పథాన్ని నిర్ధారించారు. అప్పట్లో దానిని సూడోమోనాస్ లిండ్నెరీ అనేవారు.

ఈ పరీక్షలో ఒక జాగ్రత్త అవసరం. పెంటోజ్ ఫాస్ఫేట్ పథంలో కూడా 1వ కార్బనే కార్బన్ డై ఆక్సైడ్‌గా పోతుంది. అందువల్ల 1వ కార్బన్ ఒక్కదాన్నే చూసి నిర్ణయానికి రాకూడదు. 4వ కార్బన్‌ను గుర్తించిన గ్లూకోజ్‌తో మరో ప్రయోగం చేయాలి, లేదా కణసారంలో 6-ఫాస్ఫోగ్లూకోనేట్ నుంచి పైరువేట్ తయారవుతున్నదో లేదో పరీక్షించాలి. శ్వాసక్రియ జరిపే కణాలలో పైరువేట్ క్రెబ్స్ వలయంలోకి పోయి మిగతా కార్బన్లు కూడా కార్బన్ డై ఆక్సైడ్‌గా వెలువడతాయి కనుక, వాటిలో ఫలితాన్ని అర్థం చేసుకోవడం మరింత కష్టం.

7.7 సారాంశం

ఎంట్నర్-డౌడొరాఫ్ పథంలో గ్లూకోజ్ 6-ఫాస్ఫోగ్లూకోనేట్, కేడీపీజీల మీదుగా రెండు పైరువేట్లుగా మారుతుంది. ఒకే గ్లిసరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్ ఏర్పడడం వల్ల నికరంగా ఒక ఏటీపీయే లభిస్తుంది. అయితే పథాన్ని నడపడానికి తక్కువ ఎంజైమ్ సరిపోతుంది. శ్వాసక్రియ జరిపే అనేక గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలు దీనిని వాడతాయి. కిణ్వనంతోనే జీవిస్తూ దీనిని వాడే ప్రధాన ఉదాహరణ జైమోమోనాస్.

7.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జైమోమోనాస్ 90 గ్రాముల గ్లూకోజ్‌ను పూర్తిగా కిణ్వనం చేస్తే ఎన్ని మోల్‌ల నికర ఏటీపీ, గరిష్ఠంగా ఎన్ని గ్రాముల ఇథనాల్ లభిస్తాయి?
2. ఎశ్చరీషియా కోలై ఒక గ్లూకోనేట్ అణువును ఈ పథంలో పైరువేట్‌గా మారిస్తే ఎన్ఏడీపీహెచ్ ఎందుకు ఏర్పడదు?

జవాబులు

1. 90 గ్రాములు 0.5 మోల్. కాబట్టి 0.5 మోల్ ఏటీపీ, 46 గ్రాముల ఇథనాల్.
2. ఎన్ఏడీపీహెచ్ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ ఆక్సీకరణంలో ఏర్పడుతుంది. గ్లూకోనేట్ ఇదివరకే ఆక్సీకరణం చెందిన రూపం కనుక ఆ దశను దాటి 6-ఫాస్ఫోగ్లూకోనేట్ వద్ద ప్రవేశిస్తుంది.

7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ఎంట్నర్-డౌడొరాఫ్ పథాన్ని గ్లైకాలిసిస్‌తో పోల్చి, ఏటీపీ లెక్కలో తేడాకు కారణాన్ని వివరించండి.
2. గుర్తించిన గ్లూకోజ్‌తో ఈ పథాన్ని నిర్ధారించే పద్ధతిని, దాని పరిమితులను తెలపండి.
3. లఘు ప్రశ్న: కేడీపీజీ ఆల్డొలేజ్.