అమ్మేది ఒకరు, పన్ను పట్టుకునేది మరొకరు

మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే వ్యాపారికి నెలనెలా ఆ సైటు నుంచి ఒక లెక్కల పత్రం వస్తుంది. అమ్మిన సరుకు విలువ, వెనక్కి వచ్చిన సరుకు, కమీషను, కొరియర్ ఖర్చు వరసగా ఉంటాయి. వాటి కింద ‘టీసీఎస్’ అని ఒక చిన్న మొత్తం కోత కనిపిస్తుంది. కొత్తగా వ్యాపారంలోకి దిగినవాళ్లలో చాలామంది దాన్ని కూడా సైటు తీసుకునే రుసుమే అనుకుని వదిలేస్తారు. అది సైటుకు వెళ్లే డబ్బు కాదు. ఆ వ్యాపారి పేరు మీదే ప్రభుత్వ ఖాతాలో జమ అయ్యే డబ్బు. అడిగి తీసుకోకపోతే అక్కడే పడి ఉంటుంది.

టీసీఎస్ అంటే మూలం వద్ద వసూలు చేసే పన్ను. జీఎస్టీ చట్టం 52వ సెక్షన్ కింద ఈ కోత 2018 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఇతరుల సరుకు అమ్మిపెట్టి, కొనుగోలుదారు చెల్లించిన డబ్బును తన చేతుల మీదుగా అమ్మకందారుకు పంపే ప్రతి ఈ-కామర్స్ సంస్థా ఆ డబ్బులో కొంత పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. మొదట్లో అది ఒక శాతం. 2024 జులై 10 నుంచి అర శాతానికి తగ్గించారు.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. మన చీరల వ్యాపారి ఒక నెలలో పన్ను కాకుండా 2 లక్షల రూపాయల సరుకు అమ్మాడు. కొనుగోలుదారులందరూ ఆంధ్రప్రదేశ్ వాళ్లే అనుకుందాం. అందులో 40 వేల సరుకు వెనక్కి వచ్చింది. సైటు మిగిలిన లక్షా 60 వేల మీద అర శాతం, అంటే 800 రూపాయలు పట్టుకుంటుంది. సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. మరుసటి నెల 10వ తేదీలోగా ఆ డబ్బు కట్టి, ఏ వ్యాపారి ఎంత అమ్మాడో జీఎస్టీఆర్-8 అనే రిటర్నులో చెప్పాలి.

ఇక వ్యాపారి వైపు చూద్దాం. నూలు చీర మీద జీఎస్టీ 5 శాతం కాబట్టి అతను కొనుగోలుదారుల నుంచి వసూలు చేసిన పన్ను 8 వేలు. సైటుకు 24 వేల కమీషను ఇస్తే దాని మీద 18 శాతం చొప్పున 4,320 రూపాయల జీఎస్టీ కట్టి ఉంటాడు. ప్యాకింగ్ సామాను లాంటి వాటి మీద మరో 1,180 కట్టాడనుకుందాం. ఈ 5,500 అతనికి ఇన్‌పుట్ క్రెడిట్. ఎనిమిది వేలలోంచి అది తీసేస్తే కట్టాల్సింది 2,500. అందులో 800 సైటు ముందే కట్టేసింది కాబట్టి అతను జేబులోంచి తీయాల్సింది 1,700.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. పన్ను వసూలు పని సైటుకే అప్పజెప్పినప్పుడు మొత్తం పన్ను దాని చేతే కట్టించకుండా అర శాతంతో ఎందుకు సరిపెట్టారు? నా దృష్టిలో ఈ వ్యవహారానికంతటికీ తాళంచెవి ఇదే. చీర ఎంతకు అమ్ముడైందో సైటుకు తెలుసు. ఆ చీర కోసం వ్యాపారి ఎక్కడెక్కడ ఏమేం కొన్నాడో, వాటి మీద ఎంత పన్ను కట్టాడో దానికి తెలియదు. అతను నిజంగా కట్టాల్సిన 2,500 అనే అంకె సైటు పుస్తకాల్లో ఎక్కడా దొరకదు. ఎనిమిది వేలూ దాని చేతే పట్టించేస్తే 5,500 కోసం వ్యాపారి ప్రభుత్వం చుట్టూ తిరగాలి. అన్ని వేలు నెలల తరబడి ఇరుక్కుపోతే చిన్న వ్యాపారికి మళ్లీ సరుకు కొనే పెట్టుబడే ఉండదు. అందుకే పేరుకు కొంత కోసి, దానితోపాటు అమ్మకాల సమాచారాన్ని రాబడుతున్నారు. ఆ 800 కన్నా, ‘ఫలానా జీఎస్టీ నంబరు వ్యాపారి ఈ నెల లక్షా 60 వేల సరుకు అమ్మాడు’ అన్న ఒక్క వరసే ప్రభుత్వానికి ఎక్కువ విలువైనది. వ్యాపారి తన రిటర్నులో లక్షే చూపిస్తే తేడా కంప్యూటర్‌లోనే బయటపడుతుంది. ఇద్దరికీ సమాచారం వెళ్తుంది. సరిదిద్దకపోతే ఆ తేడా మీద పన్ను, వడ్డీ వ్యాపారి నెత్తిన పడతాయి.

కొద్దిమంది దగ్గర వసూలు చేయడం సులువు అనగానే మనకు ముందు తట్టేది సంఖ్యే. దేశమంతటా చెల్లాచెదురుగా ఉన్న లక్షల మంది అమ్మకందారుల ఇళ్లకూ దుకాణాలకూ అధికారులను పంపడం కన్నా పెద్ద పెద్ద సైట్ల లెక్కలు చూడటం తేలికే. అయితే సంఖ్య ఒక్కటే కారణమైతే ఈ పద్ధతి ఇంత గట్టిగా పనిచేయదు. డబ్బు ముందు సైటు చేతికి వస్తుంది, ఆ తర్వాతే వ్యాపారికి చేరుతుంది. చేతికి రాని డబ్బును దాచడం ఎవరి తరమూ కాదు. పైగా వ్యాపారి అమ్మకాన్ని తక్కువ చేసి చూపితే సైటుకు ఒరిగేదేమీ లేదు. దాని కమీషను ఆ అమ్మకం మీదే లెక్కకడతారు. పన్ను కట్టాల్సినవాడు ఒకడు, లెక్క చెప్పేవాడు మరొకడు అయినప్పుడు, ఆ చెప్పేవాడికి అబద్ధంతో పని లేనప్పుడు, ఎగవేతకు చోటు ఉండదు.

దీనికి డెన్మార్క్‌లో గట్టి రుజువు దొరికింది. అక్కడి పన్ను శాఖతో కలిసి ఆర్థికవేత్తలు 40 వేల మందికి పైగా పన్నుదారుల మీద ఒక ప్రయోగం చేసి, 2011లో ఫలితాలు ప్రచురించారు. యజమాని, బ్యాంకు లాంటి మూడో వ్యక్తి ద్వారా పన్ను శాఖకు చేరే ఆదాయంలో ఎగవేత దాదాపు సున్నా. పన్నుదారు తనంతట తాను చెప్పుకునే ఆదాయంలో మాత్రం ఎగవేత గణనీయంగా ఉంది. ఉద్యోగికీ వ్యాపారికీ నిజాయితీలో తేడా ఉందని దీనర్థం కాదు. ఉద్యోగి జీతం సంగతి మరొకరు ముందే చెప్పేస్తున్నారు, అంతే. ఆన్‌లైన్ సైట్లు చిన్న వ్యాపారిని కూడా ఆ ఉద్యోగి స్థానంలోకి తెచ్చాయి. ఆదాయపు పన్ను శాఖ కూడా ఇదే దారిలో 2020 అక్టోబరు నుంచి ఈ అమ్మకాల మీద ఒక శాతం కోత పెట్టింది. 2024 అక్టోబరు నుంచి అది 0.1 శాతానికి తగ్గింది.

మొత్తం పన్నూ మధ్యవర్తే కట్టే చోటు కూడా మన దేశంలో ఉంది. 2021 సెప్టెంబరు 17న లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం నిర్ణయం ప్రకారం, 2022 జనవరి 1 నుంచి స్విగ్గీ, జొమాటో లాంటి యాప్‌లలో వచ్చే రెస్టారెంటు ఆర్డర్ల మీద జీఎస్టీని యాప్‌లే కడుతున్నాయి. అంతకుముందు యాప్ బిల్లులో పన్ను వసూలు చేసి రెస్టారెంటుకు ఇచ్చేది. కొన్ని రెస్టారెంట్లు అది ప్రభుత్వానికి కట్టేవి కావు. చీరల విషయంలో కుదరనిది బిర్యానీ విషయంలో ఎలా కుదిరింది? మామూలు రెస్టారెంటు భోజనం మీద 5 శాతం పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. బియ్యం, నూనె, గ్యాస్ లెక్కలతో పని లేదు. 200 రూపాయల బిర్యానీకి పన్ను 10 రూపాయలు, అంతే. ఆ అంకె యాప్‌కు పూర్తిగా తెలుసు. అందుకే పూర్తి బాధ్యత దాని మీద పెట్టడం తేలికైంది. ఆ 10 రూపాయలను యాప్ తన సొంత ఇన్‌పుట్ క్రెడిట్‌తో సర్దడానికీ వీల్లేదు, నగదుగానే కట్టాలి.

అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటని చిన్న మెస్‌కు జీఎస్టీ వర్తించదు. అక్కడికి నడిచివెళ్లి తింటే 200కే బిర్యానీ. అదే మెస్ నుంచి యాప్‌లో తెప్పించుకుంటే పన్నుతో 210. చిన్నవాళ్లకు చట్టం ఇచ్చిన మినహాయింపు మధ్యవర్తి గుమ్మం దగ్గరే ఆగిపోతోంది.

అమెరికా ఈ దారిలో ఇంకా ముందుకు వెళ్లింది. పక్క రాష్ట్రంలో ఉన్న వ్యాపారి చేత తమ అమ్మకపు పన్ను కట్టించే హక్కు రాష్ట్రాలకు ఉందని 2018 జూన్ 21న అక్కడి సుప్రీంకోర్టు సౌత్ డకోటా కేసులో తీర్పు చెప్పింది. ఆ వెనకే రాష్ట్రాలు ఒకదాని తర్వాత ఒకటిగా పూర్తి పన్నును సైట్ల చేతే కట్టించే చట్టాలు చేశాయి. అక్కడి అమ్మకపు పన్నులో మనలాంటి ఇన్‌పుట్ క్రెడిట్ ఏర్పాటు లేదు. ఆఖరి ధర తెలిస్తే పన్ను తెలిసినట్టే.

మళ్లీ మన వ్యాపారి దగ్గరకు వద్దాం. సైటు కట్టిన 800 దానంతటదే అతని క్యాష్ లెడ్జర్‌లోకి రాదు. జీఎస్టీ పోర్టల్‌లో `TDS and TCS Credit Received` అనే పేజీ తెరిచి, సైటు చూపిన మొత్తాన్ని తన పుస్తకాలతో పోల్చి, సరిగా ఉంటే ఒప్పుకుని సమర్పించాలి. అప్పుడే జమ అవుతుంది. తేడాలు ఎక్కువగా వచ్చేది వాపసుల దగ్గర. నెలాఖరున అమ్మిన చీర మరుసటి నెల మొదట్లో తిరిగివస్తే, సైటు ఒక నెలలోనూ వ్యాపారి మరో నెలలోనూ తీసివేసి ఉండొచ్చు. రెండు లెక్కల మధ్య తేడా కనిపిస్తుంది, ఎగవేత మాత్రం ఎక్కడా ఉండదు. అందుకని ఏ ఆర్డరు ఏ తేదీన వాపసు వచ్చిందో ఆర్డరు నంబర్లతో సహా రాసి పెట్టుకోవడం అవసరం. ఏడాది తర్వాత నోటీసు వస్తే చూపించడానికి ఆధారం అదొక్కటే.

ఈ పద్ధతిలో బరువంతా పడేది అందరికన్నా చిన్నవాళ్ల మీద. బయట అమ్ముకునే సరుకుల వ్యాపారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల వరకు, తెలంగాణలో 20 లక్షల వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సైటు ద్వారా సరుకు అమ్మాలంటే మాత్రం మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలన్నది మొదట్లో నిబంధన. 2023 అక్టోబరు 1 నుంచి దీన్ని సడలించారు. ఆ పరిమితి లోపు ఉన్నవాళ్లు పాన్‌తో పోర్టల్‌లో ఒక నమోదు నంబరు తీసుకుని, సొంత రాష్ట్రంలోపల సైట్ల ద్వారా అమ్ముకోవచ్చు. వాళ్ల డబ్బులో సైటు టీసీఎస్ కోయదు, అమ్మకాల వివరాలు మాత్రం ప్రభుత్వానికి ఇస్తుంది.

సడలింపు రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగిపోయింది. విజయవాడలో ఇంటి దగ్గర ఆవకాయ పెట్టి అమ్మే గృహిణి ఈ నంబరుతో శ్రీకాకుళానికి పంపగలదు, హైదరాబాద్‌కు పంపలేదు. ఆమె పచ్చళ్ల కోసం అడిగేవాళ్లలో ఎక్కువమంది ఉండేది బహుశా హైదరాబాద్‌లోనే. ఒక్క సీసా పంపాలన్నా పూర్తి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, రిటర్నులు వేయాలి, దానికో అకౌంటెంటుకు జీతం ఇవ్వాలి. అమ్మకాల సమాచారమంతా సైటు ద్వారా ప్రభుత్వానికి చేరుతున్నప్పుడు ఆమె నుంచి ఇన్ని కాగితాలు కోరడానికి నాకు కారణం కనిపించడం లేదు. సైట్ల ద్వారా పలు రాష్ట్రాలకు అమ్మే చిన్న వ్యాపారులకు సులభ రిజిస్ట్రేషన్ పద్ధతి తేవాలని 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ పద్ధతి విజయవాడ నుంచి హైదరాబాద్‌కు వెళ్లే సీసాకు కూడా దారి ఇచ్చేలా రాయాలి.