డబ్బు కట్టయింది, ఆర్డర్ ఏదీ?

మంగళగిరి చీరలమ్మే చిన్న ఆన్‌లైన్ దుకాణం ఒకటి ఉందనుకుందాం. ఆర్డర్ నంబరు 1047, చీర ధర 2,450 రూపాయలు. కొనే ఆవిడ ఫోన్‌లో దుకాణం పేజీ తెరిచి యూపీఐ నొక్కగానే యాప్ తెరుచుకుంది. పిన్ కొట్టింది, పచ్చటి టిక్కు పడింది, బ్యాంకు మెసేజీ కూడా వచ్చేసింది. తీరా దుకాణం పేజీకి వెనక్కొస్తే అక్కడ చక్రం తిరుగుతూనే ఉంది. కాసేపయ్యాక 'పేమెంట్ ఫెయిలైంది, మళ్లీ ప్రయత్నించండి' అని వచ్చింది.

బ్యాంకు చెప్పింది నిజమే. తప్పంతా దుకాణం రాసిన ఆ ఒక్క వాక్యంలో ఉంది. దానికి తెలిసిందల్లా తను అనుకున్న గడువులోగా జవాబు రాలేదని మాత్రమే. దీన్నే టైమవుట్ అంటారు. అడిగింది అవతలికి చేరకపోయి ఉండొచ్చు, చేరి ఇంకా పని నడుస్తూ ఉండొచ్చు, లేదా పని పూర్తయ్యాక జవాబు దారిలో పోయి ఉండొచ్చు. ఇవతలి నుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. అలాంటప్పుడు 'ఫెయిలైంది' అని చెప్పి మళ్లీ కట్టమనడమంటే, ఒక చీరకు రెండుసార్లు డబ్బు గుంజడానికి దారి తీయడమే. 'మీ పేమెంట్ సంగతి కనుక్కుంటున్నాం, మళ్లీ కట్టకండి' అని చూపించాల్సిన చోటు అది.

ఇంతకీ జవాబు ఎందుకు రాలేదు? మెమరీ తక్కువున్న ఫోన్‌లో యూపీఐ యాప్ ముందుకు రాగానే వెనకున్న బ్రౌజర్ పేజీని ఫోనే మూసేస్తుంటుంది. 'డబ్బు పడింది' అన్న కబురు మోయాల్సిన పేజీ మధ్యలోనే పోయిందన్నమాట. అందుకే కొనేవాళ్ల ఫోన్ మీద ఆధారపడకుండా దుకాణం సర్వరూ పేమెంట్ గేట్‌వే సర్వరూ నేరుగా మాట్లాడుకోవాలి. దానికి రెండు దారులున్నాయి. ఊరి నుంచి వచ్చే చుట్టానికి పదేపదే ఫోన్ చేసి 'ఎక్కడిదాకా వచ్చారు' అని అడగడం పోలింగ్. 'బస్సు దిగగానే నేనే చేస్తాలే' అని ఆయన మాటివ్వడం వెబ్‌హుక్.

వెబ్‌హుక్ చవకైనది, వేగమైనది. రేజర్‌పేనే తీసుకుంటే, డబ్బు ఖాయం కాగానే `payment.captured` అనే కబురును దుకాణం ముందే ఇచ్చిన చిరునామాకు పంపుతుంది. 5 సెకన్లలో 'అందింది' అన్న జవాబు రాకపోతే అందలేదనే లెక్క. అప్పుడు విరామం పెంచుకుంటూ 24 గంటలపాటు మళ్లీ మళ్లీ పంపుతుంది.

చిక్కు మొదలయ్యేది సరిగ్గా ఈ 5 సెకన్ల దగ్గరే. చాలా దుకాణాల కోడు కబురు రాగానే బిల్లు తయారుచేసి, వాట్సాప్ మెసేజీ పంపి, కొరియర్ బుక్ చేసి, అప్పుడు గానీ 'అందింది' అనదు. మామూలు రోజుల్లో 2 సెకన్లలో అయ్యే పని దసరా అమ్మకాల రోజున 8 సెకన్లు పడుతుంది. గేట్‌వే అదే కబురును రెండోసారి పంపుతుంది, దుకాణం రెండో కొరియర్ బుక్ చేస్తుంది. ఒకే ఆర్డరుకు రెండు పార్సిళ్లు వెళ్లాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. కబురు అందగానే మూడు పనులు చేస్తే చాలు: దాంతో వచ్చిన సంతకం గేట్‌వేదేనా అని సరిచూడాలి, డేటాబేస్‌లో రాసుకోవాలి, 'అందింది' అనాలి. మిగతాదంతా తీరిగ్గా వెనక జరగొచ్చు. సంతకం చూడకపోతే, ఆ చిరునామా తెలిసిన ఎవడైనా 'డబ్బు పడింది' అని దొంగ కబురు పంపి చీర పట్టుకుపోగలడు.

అసలు కబురే రాకపోతే? దుకాణం సర్వరు ఆ గంట పడిపోయి ఉండొచ్చు, కొత్త ఫైర్‌వాల్ అడ్డుకుని ఉండొచ్చు. అప్పుడు అడగక తప్పదు. అయితే ఎంత తరచుగా?

దీనికి 2025 ఏప్రిల్ 12 మంచి పాఠం. ఆ రోజు దేశమంతా యూపీఐ గంటల తరబడి మొరాయించింది. కొన్ని బ్యాంకులు 'ఆ లావాదేవీ ఏమైంది' అని పాతవాటి గురించి కూడా ఎడతెగకుండా అడుగుతూ కేంద్ర వ్యవస్థ మీద భారం పెంచేశాయని తర్వాత తేలింది. జవాబు ఆలస్యమైన కొద్దీ అడిగేవాళ్లు మరింత గట్టిగా అడుగుతారు, దాంతో జవాబు ఇంకా ఆలస్యమవుతుంది. పోలింగ్‌కున్న పెద్ద జబ్బు ఇదే. ఆ తర్వాత ఎన్‌పీసీఐ బ్యాంకులకు హద్దు గీసింది. ఒక లావాదేవీ స్థితిని మూడుసార్లకు మించి అడగకూడదు.

దుకాణం అడిగేది ఎన్‌పీసీఐని కాదు, గేట్‌వేని. అయినా ఓపిక అక్కడా అవసరమే. 1047 విషయంలో 10 సెకన్లకు ఒకసారి, 30కి ఒకసారి, తర్వాత 90 సెకన్లకు, 5 నిమిషాలకు, 15 నిమిషాలకు అడిగితే సరిపోతుంది. మధ్యలో వెబ్‌హుక్ వచ్చిందా, అడగడం ఆపేయాలి. ఈ సమయాలను ఆర్డరుకో రకంగా కాస్త అటూ ఇటూ జరపడం మంచిది. లేకపోతే సర్వరు పడి లేచినప్పుడు ఆగి ఉన్న వందల ఆర్డర్లూ ఒకే క్షణంలో గేట్‌వే మీద పడతాయి.

రెండు దారులూ పెట్టుకున్నాక రెండూ ఒకేసారి 'డబ్బు పడింది' అని చెప్పే రోజూ వస్తుంది. దానికి విరుగుడు ఈ రెండు వరుసలు:

```sql
UPDATE orders SET status = 'paid'
WHERE id = 1047 AND status = 'pending';
```

'పెండింగ్‌లో ఉంటేనే పెయిడ్‌గా మార్చు' అని దీని అర్థం. ముందొచ్చిన కబురుకు ఒక వరుస మారిందని డేటాబేస్ చెబుతుంది. చీర ప్యాక్ చేయించే హక్కు దానిదే. వెనకొచ్చినదానికి సున్నా వరుసలు మారాయని చెబుతుంది.

సున్నా వచ్చిందని అక్కడితో వదిలేయడమూ ప్రమాదమే. 15 నిమిషాలు చూసి దుకాణం 1047ను రద్దు చేసి, ఆ ఒక్క చీరనూ ఇంకొకరికి అమ్మేసిందనుకుందాం. 20వ నిమిషంలో వెబ్‌హుక్ వస్తుంది. అప్పుడూ సున్నా వరుసలే, కానీ ఈసారి ఆర్డర్ ఉన్నది 'పెయిడ్'లో కాదు, 'క్యాన్సిల్డ్'లో. అంటే డబ్బు వెనక్కివ్వాలి.

ఆ రీఫండ్ ఆదేశానికీ టైమవుట్ రావచ్చు! స్థితిని ఎన్నిసార్లు అడిగినా డబ్బు కదలదు. రీఫండ్‌ను రెండుసార్లు పంపితే మాత్రం కదలొచ్చు. అందుకే మళ్లీ పంపేటప్పుడు మొదటిసారి వాడిన గుర్తునే వాడాలి. స్ట్రైప్‌లో దీనికి `Idempotency-Key` అనే హెడర్ ఉంది. `refund-1047` అని పంపితే, అదే గుర్తుతో మళ్లీ వచ్చినదాన్ని కొత్త పనిగా చూడకుండా మొదటి ఫలితాన్నే తిరిగి చెబుతుంది. ఆ గుర్తులను కనీసం 24 గంటలు దాచుతుంది. మూడు రోజుల తర్వాత అదే గుర్తుతో రీట్రై చేస్తే కాపాడుతుందన్న భరోసా లేదు. అప్పుడు ముందు రీఫండ్ జరిగిందో లేదో అడిగి చూసుకోవాలి.

ఇవన్నీ చేసినా రాత్రికి ఒక లెక్క మిగులుతుంది. ఆ రోజు గేట్‌వేలో పడిన పేమెంట్లనూ దుకాణంలో 'పెయిడ్' అయిన ఆర్డర్లనూ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. డబ్బు కట్టయినా దుకాణానికి చేరినట్టు నిర్ధారణ రాని యూపీఐ లావాదేవీలను 5 రోజుల్లో దానంతటదే వెనక్కివ్వాలని 2019లో రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. కానీ 1047 ఆ కోవలోకి రాదు. బ్యాంకు లెక్కలో అది సజావుగా ముగిసిన లావాదేవీ, డబ్బు గేట్‌వే నుంచి దుకాణం ఖాతాకే వెళుతుంది. కాబట్టి ఆ 2,450 రూపాయలను ఏ బ్యాంకూ తనంతట తాను తిప్పి పంపదు. రాత్రి లెక్కలో ఆ వరుసను గుర్తుపట్టి రీఫండ్ నొక్కాల్సింది దుకాణమే.