చిందరవందర అనుభవం నుంచి సూటి జవాబు: ఇంటర్వ్యూల్లో స్టార్ పద్ధతి

‘పై అధికారితో అభిప్రాయభేదం వచ్చిన సందర్భం ఒకటి చెప్పండి’, ‘మీ మాట వినని వాళ్లతో పని ఎలా చేయించారు?’ వంటివాటిని బిహేవియరల్ ప్రశ్నలంటారు. అభ్యర్థి గతంలో నిజంగా ఏం చేశారో తెలుసుకోవడానికే వీటిని అడుగుతారు. ఇలాంటి జవాబుకు సందర్భం, బాధ్యత, చేసిన పని, ఫలితం అనే నాలుగు భాగాలుండాలని చెప్పేదే స్టార్ పద్ధతి. ఈ నాలుగింటి ఇంగ్లిష్ మాటల తొలి అక్షరాలు కలిసి ఆ పేరయ్యాయి. డీడీఐ అనే అమెరికన్ సంస్థ 1970లలో ఉద్యోగుల ఎంపిక కోసం దీన్ని రూపొందించింది. అమెజాన్ వంటి కంపెనీలు ఇప్పుడు తమ అభ్యర్థులకు ఈ పద్ధతిలోనే సిద్ధమై రమ్మని చెబుతున్నాయి.

నాలుగు మాటలు గుర్తుపెట్టుకోవడం తేలికే. అనుభవం మాత్రం నాలుగు ముక్కలుగా జరగదు. విజయవాడలోని ఒక మందుల పంపిణీ సంస్థలో బిల్లింగ్ చూసే యువతిని ఉదాహరణగా తీసుకుందాం. గడువు తీరిన మందులను షాపులవాళ్లు తిప్పి పంపుతారు. వాటి లెక్క తేలక గొడవలు, ఆగిపోయిన చెల్లింపులు. ఇంతలో మేనేజర్ మారారు, సాఫ్ట్‌వేరూ మారింది. ఇంటర్వ్యూలో అడిగితే ఆమె నోట మొదట వచ్చే జవాబు ఇలా ఉంటుంది: ‘రిటర్నులతో చాలా ఇబ్బంది పడ్డాం, అందరం రాత్రిదాకా కూర్చున్నాం, చివరికి సర్దుకుంది.’ ఇందులో అబద్ధం ఏమీ లేదు, కానీ ఆమె మాత్రం ఎక్కడా కనిపించదు.

కాబట్టి మొదటి పని, గుర్తున్నదంతా వరుసతో నిమిత్తం లేకుండా కాగితం మీద పెట్టడం. ఆ తర్వాత అందులో ఆమె సొంతంగా నిర్ణయం తీసుకున్న చోటు వెతకాలి. జవాబు మొత్తం అక్కడి నుంచే పుడుతుంది. ఆమె ఒక నెలలో వచ్చిన 60 తగాదాలను ఒక్కొక్కటిగా విప్పి చూసింది. వాటిలో 38 చోట్ల షాపు నుంచి పెట్టె తీసుకున్నప్పుడే బ్యాచ్ నంబరు రాసుకోలేదు. అంటే లోపం ఆఫీసులో లేదు, వ్యాన్ దగ్గర ఉంది. కథకు మలుపు ఇదే.

ఇప్పుడు సందర్భం రెండు వాక్యాల్లో సరిపోతుంది: నెలకు 60 తగాదాలు, వాటివల్ల ఆగిన చెల్లింపులు. సాఫ్ట్‌వేర్ మారిన సంగతి ఇక్కడ అనవసరం, వదిలేయాలి. బాధ్యతకు ఒక్క వాక్యం చాలు: తగాదాలు తగ్గించే పని ఆమెకు అప్పగించారు, వ్యాన్ డ్రైవర్లపై మాత్రం ఆమెకు అధికారం లేదు. ఈ రెండో ముక్కను చాలామంది చెప్పరు. పని ఎంత కష్టమో తెలిసేది దానివల్లే.

జవాబులో సగానికి పైగా చేసిన పనికే ఇవ్వాలి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, సంఖ్య రాసే రెండు కాపీల స్లిప్పు పుస్తకం ఆమె తయారుచేసింది. ఆలస్యమవుతుందని డ్రైవర్లు ఒప్పుకోలేదు. ఒకే రూట్‌లో రెండు వారాలు నడిపి చూపించాక మిగతావాళ్లు దారికొచ్చారు. ఇక్కడ ‘చేశాం’, ‘జరిగింది’ అనే క్రియలు వరసగా వస్తుంటే జవాబు మళ్లీ పక్కదారి పట్టినట్టే. నలుగురు కలిసి చేసిన పనిని తన ఖాతాలో వేసుకోమని దీని అర్థం కాదు. డ్రైవర్లలో ఒకరు స్లిప్పు సైజు తగ్గించమని సలహా ఇచ్చి ఉంటే, ఆ మాట కూడా చెప్పడమే న్యాయం.

ఫలితం దగ్గర ‘అంతా బాగైపోయింది’ అంటే వినేవారికి ఏమీ అందదు. మూడు నెలల్లో తగాదాలు 60 నుంచి 20కి దిగాయని, కొన్ని పెద్ద షాపులు ఇప్పటికీ స్లిప్పుపై సంతకం పెట్టడం లేదని చెప్పాలి. మిగిలిపోయిన లోటును కూడా చెప్పినప్పుడే అంకె నమ్మదగ్గదిగా ఉంటుంది. లెక్క రాసిపెట్టుకోనివారు అంచనా చెప్పవచ్చు. అది అంచనా అని, దేని ఆధారంగా వేశారో కూడా చెప్పాలి.

ఇదంతా సుమారు రెండు నిమిషాల మాట. గడియారం పెట్టుకుని పైకి చెప్పుకుంటే తప్పు వెంటనే దొరుకుతుంది. నిమిషం దాటినా ఇంకా సందర్భమే నడుస్తుంటే కోత పడాల్సింది అక్కడే. జవాబును బట్టీపట్టడం మాత్రం ప్రమాదం. ఒప్పించడం గురించి అడిగితే డ్రైవర్ల భాగం పెరగాలి, సమస్యను విడమరచడం గురించి అడిగితే ఆ 60 తగాదాలను చూసిన తీరు పెరగాలి. పైగా ‘ఆ రూటే ఎందుకు ఎంచుకున్నారు?’ వంటి అనుబంధ ప్రశ్నలు తప్పవు. కల్పించిన కథలు సాధారణంగా దొరికిపోయేది వాటి దగ్గరే.

ప్రతి ప్రశ్నకూ ఈ పద్ధతి నప్పదు. ‘రేపు ఇలా జరిగితే ఏం చేస్తారు?’ అన్నది ఊహాప్రశ్న. దానికి ముందుగా ఆలోచన చెప్పాలి, పాత అనుభవం ఉంటే ఆధారంగా ఒక్క మాటలో చూపితే చాలు. అందుకే ప్రశ్న పూర్తిగా విన్నాకే జవాబు మొదలుపెట్టండి.