మానిటర్ మీద మెరిసిన జరీ ఫోన్‌లో మసకబారితే

మంగళగిరిలో ఓ చేనేత దుకాణం వెబ్‌సైటు పెట్టించుకుందనుకోండి. కట్టినవాళ్ల మానిటర్ మీద జరీ అంచు పోగుపోగునా కనిపించింది. దుకాణదారు తన ఫోన్‌లో తెరిస్తే అదే చీర నూనె కాగితం చాటున పెట్టినట్టుంది. కింద ధర, కొలతలు చదవాలంటే ఫోన్‌ను ముక్కు దాకా తెచ్చుకోవాలి. ఈ రెండు లోపాలనూ ఫోన్ దాకా వెళ్లకుండా కంప్యూటర్ మీదే పట్టుకోవచ్చు.

పేజీలో ఫొటో వెడల్పు 300 పిక్సెళ్లని రాస్తారు. అది కొలత మాత్రమే, తెర మీద వెలిగే చుక్కల లెక్క కాదు. మామూలు మానిటర్‌లో ఈ రెండూ ఒకటే. 2010లో వచ్చిన ఐఫోన్ 4 తెరకు అడ్డంగా 640 చుక్కలున్నా, వెబ్‌పేజీలకు మాత్రం తన వెడల్పు 320 అనే చెప్పింది. అంటే ఒక్కో కొలతకు రెండేసి చుక్కలు. ఈ నిష్పత్తినే డివైస్ పిక్సెల్ రేషియో అంటారు. ఇప్పుడు చాలా ఫోన్లలో ఇది 3 గానీ, దానికి దగ్గరగా గానీ ఉంటుంది. అలాంటి ఫోన్‌లో మన చీర ఫొటో అడ్డంగా 900 చుక్కలు నింపాలి. ఫైల్లో ఉన్నవి 300 అయితే, మిగతావాటిని బ్రౌజర్ పక్క రంగులు చూసి ఊహించి నింపుతుంది. మసక అక్కడే పుడుతుంది.

క్రోమ్‌లో F12 నొక్కితే వచ్చే పనిముట్లలో ఫోన్ బొమ్మ ఉన్న మీట ఒకటుంది. దాంతో పేజీని ఫోన్ వెడల్పుకు కుదించి, నిష్పత్తిని 3గా పెట్టుకోవచ్చు. చాలామంది ఇక్కడే మోసపోతారు. మానిటర్‌కు అన్ని చుక్కలు లేవు కాబట్టి ఫొటో అసలు పదును అందులో కనిపించదు. బ్రౌజర్ ఏ ఫైలును ఎంచుకుందో తెలుసుకోవడానికే అది పనికొస్తుంది.

మసకను కంటితో చూడాలంటే అంతకన్నా తేలిక దారి జూమ్. Ctrl, + కలిపి నొక్కుతూ 300 శాతానికి వెళ్లండి. కన్సోల్‌లో `window.devicePixelRatio` అని కొడితే, 1 ఉన్నచోట 3 కనిపిస్తుంది. విండోస్‌లో తెర స్కేలు 125 శాతం ఉంటే మొదలే 1.25 నుంచి కాబట్టి ముందు ఆ అంకె చూసుకోవాలి. ఇప్పుడు ఫొటో నిజంగానే 900 చుక్కల మీద పరుచుకుంటుంది. జరీ పోగులు కలిసిపోయి పసుపు చార కనిపిస్తే ఫైలు చాల్లేదన్నమాట.

మందు ఇది:

```html
<img src="cheera-300.jpg"
     srcset="cheera-300.jpg 1x, cheera-600.jpg 2x"
     width="300" height="400" alt="మంగళగిరి చీర">
```

3 నిష్పత్తికి వేరే ఫైలు ఎందుకు పెట్టలేదంటారా? 900 వెడల్పు ఫొటోలో 300 వెడల్పుదానికి తొమ్మిది రెట్ల పిక్సెళ్లుంటాయి. డేటా ఖర్చు పెరుగుతుంది, కంటికి మాత్రం 600 దానితో పెద్ద తేడా తెలియదు. దుకాణం లోగోకైతే ఈ తంటాలేవీ వద్దు, ఎస్‌వీజీగా పెడితే ఎంత పెంచినా అంచులు చెదరవు.

మళ్లీ పరీక్షించేటప్పుడు ఇన్‌కాగ్నిటోలో కొత్తగా తెరవండి. పెద్ద ఫైలు ఒకసారి దిగివస్తే, జూమ్ తగ్గించినా క్రోమ్ దాన్నే చూపిస్తుంది. అప్పుడు చిన్న ఫైలు బాగుందో లేదో తెలియదు.

ఇక అక్షరాలు. జూమ్ 200 శాతానికి పెంచినా ధర అక్షరాలు ఉన్నంతే ఉంటే, వాటి సైజును `1.2vw` అని, అంటే పేజీ వెడల్పులో వందకు 1.2 వంతు అని రాసుంటారు. 1280 వెడల్పు మానిటర్‌లో అది సుమారు 15 పిక్సెళ్లు, బాగానే ఉంటుంది. జూమ్ రెట్టింపు చేస్తే బ్రౌజర్ లెక్కలో పేజీ వెడల్పు 640కి పడిపోతుంది, అక్షరం ఏడున్నరకు తగ్గుతుంది. అది రెట్టింపై మళ్లీ పదిహేనుకే వస్తుంది. 360 వెడల్పు ఫోన్‌లో నాలుగు పిక్సెళ్లే మిగులుతాయి. దుకాణదారు ముక్కు దాకా ఫోన్ తెచ్చుకున్నది ఇందుకే. ఆ చోట `1rem` అని రాస్తే మామూలు సెట్టింగుల్లో 16 పిక్సెళ్లు వస్తాయి, జూమ్‌తో పాటు పెరుగుతాయి.

సైజు సరిచేశాక తెలుగు పేజీకి ఇంకొక్క పరీక్ష ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో అక్షరాలను మాత్రమే పెంచే జూమ్ ఉంది. దాన్ని 200 శాతంలో పెట్టి, ఎత్తు పిక్సెళ్లలో బిగించిన మీటలను చూడండి. ఇంగ్లిష్ మాట ఇమిడిన పెట్టెలోనే ‘బుట్టలో వేయండి’ అన్న మాటకు ట వత్తు కింద తెగిపోవచ్చు. ఎత్తు అంకెను తీసేసి, పైనా కిందా కాస్త ఖాళీ వదిలితే పెట్టె అక్షరంతో పాటే పెరుగుతుంది.