కోడి వేపుడు స్థానంలో మీల్ మేకర్: రుచి, ప్రొటీన్, రేటు

శ్రావణం, కార్తీకం వచ్చాయంటే మాంసాహార హోటళ్ల వంటగది లెక్క మారిపోతుంది. వారంలో రెండు మూడుసార్లు చికెన్ తినే ఇళ్లలో కూడా చాలామంది ఆ నెలంతా ముట్టరు. నలుగురు కలిసి హోటల్‌కు వెళ్తే ఇద్దరు వెజ్ అడుగుతారు. వీళ్లకు తోడు హైదరాబాద్ లాంటి చోట్ల పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసిన వీగన్లు కనిపిస్తున్నారు. వీళ్లందరి కోసం హోటల్ వాళ్లు ఎక్కువగా చేసేది ఒకటే. చికెన్ తీసేసి, అదే బరువుకు ఇంకోటి వేసి, మసాలా మాత్రం అలాగే ఉంచుతారు. అలా చేస్తే రుచీ కుదరదు, తిన్నవాళ్లకు కడుపూ నిండదు.

చికెన్ వేపుడునే తీసుకుందాం. ఒక ప్లేటుకు ఎముకల్లేని పచ్చి చికెన్ 150 గ్రాములు పడుతుందనుకుంటే అందులో ప్రొటీన్ 30 గ్రాములకు పైనే ఉంటుంది. దాని బదులు అంతే బరువు పనసకాయ వేస్తే వచ్చే ప్రొటీన్ మూడు నాలుగు గ్రాములు దాటదు. పనసకాయకు పీచు ఉంది, నమిలితే మాంసం తిన్నట్టే అనిపిస్తుంది, గోదావరి జిల్లాల పనసకాయ బిర్యానీ రుచికి వంక పెట్టలేం. కానీ అది కూరగాయ. పుట్టగొడుగులదీ అదే సంగతి. పనీర్‌లో ప్రొటీన్ బాగానే ఉన్నా పాలతో చేసింది కాబట్టి వీగన్లకు పనికిరాదు. రుచి, ప్రొటీన్, ధర మూడూ చూసుకుంటే మన కిరాణా కొట్లో దొరికే మీల్ మేకరే మిగులుతుంది.

ఎండు మీల్ మేకర్‌లో సగం బరువు ప్రొటీనే. 60 గ్రాములు నానబెట్టి పిండితే సుమారు 150 గ్రాములవుతుంది, అంటే బరువులోనూ ప్రొటీన్‌లోనూ చికెన్‌కు సరిగ్గా సరిపోతుంది. కాగితం మీద చక్కగా ఉన్న ఈ లెక్క ప్లేటులో కుదరదు. ఒక్కరు తినడానికి అన్ని ముక్కలంటే ముఖం మొత్తుతుంది, కొందరికి కడుపు ఉబ్బరంగా ఉంటుంది. నా లెక్కలో ప్లేటుకు 40 గ్రాముల ఎండు మీల్ మేకర్, 15 గ్రాముల జీడిపప్పు చాలు. రెండూ కలిపి 24 గ్రాముల దాకా ప్రొటీన్ ఇస్తాయి. తగ్గినదాన్ని పక్కనున్న అన్నం, పప్పు భర్తీ చేస్తాయి. సోయాలో కొంచెం తక్కువగా ఉండే అమైనో ఆమ్లం బియ్యంలో ఉంటుంది, బియ్యంలో కొరవడినది సోయాలో ఉంటుంది. అందుకే ఈ వేపుడును విడి స్టార్టర్‌గా కాకుండా భోజనంతో కలిపి ఇవ్వడం మేలు.

ఇక రుచి. మీల్ మేకర్ అంటే నూనె తీసేసిన సోయా పిండితో చేసినది. కొవ్వు దాదాపు ఉండదు. చికెన్ వేగుతున్నప్పుడు దాని కొవ్వు కరిగి మసాలాను పట్టుకుంటుంది, కారాన్ని నాలుక మీద మెత్తబరుస్తుంది. మీల్ మేకర్‌కు ఆ సాయం లేదు. అందుకే అదే కారం, అదే గరం మసాలా వేసినా గొంతులో గీరినట్టు ఉంటుంది. చికెన్‌కు ప్లేటుకు 15 మిల్లీలీటర్ల నూనె పోస్తే దీనికి 25 పోయాలి, కారం కొంచెం తగ్గించాలి. మాంసంలో సహజంగా ఉండే ఆ నిండు రుచి కోసం ఉల్లిపాయ ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించి, టమాటా నూనె తేలేదాకా మగ్గించాలి. ఈ రెండింటిలో తొందరపడితే ఎంత మసాలా వేసినా వేపుడు బోసిగానే ఉంటుంది.

అంతకన్నా ముందు జరగాల్సింది నానబెట్టడం. ఉప్పు, పసుపు వేసిన మరిగే నీళ్లలో అయిదు నిమిషాలు ఉడికించి, వార్చి, చన్నీళ్లలో రెండు మూడుసార్లు కడుగుతూ గట్టిగా పిండాలి. సోయా పచ్చివాసన ఆ నీళ్లతోనే పోతుంది. పిండడంలో బద్ధకిస్తే లోపల మిగిలిన నీళ్లు మసాలాను రానివ్వవు, బాణలిలో నూనె చిటపటలాడి చిమ్ముతుంది. ఉప్పు అప్పటికే ముక్కలోకి వెళ్లింది కాబట్టి తర్వాత చెయ్యి తగ్గించాలి. చికెన్‌లో పెరుగు వేసేది ముక్క మెత్తబడడానికి, పులుపుకు. ఇక్కడ మెత్తబరచాల్సిన పని లేదు. పులుపుకు నిమ్మరసం, మసాలా ముక్కకు అంటుకోవడానికి జీడిపప్పులో సగం ముద్దగా నూరి వేస్తే పెరుగు అక్కర్లేదు. మిగతా సగం వేయించి పైన చల్లాలి. అరగంట నానాక ఒక ముక్కను అడ్డంగా కోసి చూడండి. మధ్యలో తెల్లగా ఉంటే మసాలా ఇంకా చేరలేదన్నమాట. వేయించడం పెద్ద మంట మీద, కొద్ది నిమిషాలే. సన్న సెగ మీద నాన్చితే ముక్క రబ్బరులా సాగుతుంది. ముందే కలిపి ఉంచినా పనికిరాదు. ముక్క మసాలా తడినంతా పీల్చేసుకుంటుంది, రెండు గంటలకు వేపుడు పొడిపొడిగా అయిపోతుంది. ముక్కలు వేరుగా, మసాలా వేరుగా ఉంచి ఆర్డరు వచ్చాక కలపాలి.

వీగన్ అని మెనూలో రాస్తే బాణలి, నూనె కూడా వేరు కావాలి. చికెన్ వేగిన నూనెలో వేయించినదాన్ని ఆ పేరుతో అమ్మడం తినేవాళ్లను మోసం చేయడమే. సోయా, జీడిపప్పు పడనివాళ్లుంటారు కాబట్టి ఆ రెండూ ఉన్నాయని మెనూలోనే చెప్పాలి.

ఇప్పుడు రేటు. ధరలు ఊరికీ నెలకీ మారతాయి, లెక్క కోసం కొన్ని అనుకుందాం. ఎముకల్లేని చికెన్ కిలో 320 రూపాయలైతే ప్లేటుకు 48. నూనె, పెరుగు, ఉల్లి, మసాలాలు కలిపి మరో 16. మొత్తం 64. దీన్ని 220కి అమ్మితే సరుకు ఖర్చు 29 శాతం, చేతికి మిగిలేది 156. కిలో 140 రూపాయల మీల్ మేకర్ 40 గ్రాములకు ఆరు రూపాయల లోపే. కిలో 900 జీడిపప్పు 15 గ్రాములకు పదమూడున్నర. నూనె, నిమ్మకాయ, ఉల్లి, టమాటా, మసాలాలకు 18. మొత్తం 37.

చాలామంది ఇక్కడ శాతాన్ని పట్టుకుని వెళ్తారు. అదే 29 శాతం వర్తింపజేస్తే రేటు 128 వస్తుంది, మిగిలేది 91. వంటమనిషి వాడే, గ్యాస్ అదే, టేబుల్ అద్దె అదే, పైగా నానబెట్టి పిండే పని అదనం. చికెన్ తినే మనిషి కార్తీకంలో దీనికి మళ్లితే ఒక్కో ప్లేటు మీద హోటల్‌కు 65 రూపాయలు తగ్గుతాయి. పోనీ 220కే అమ్ముదామంటే మీల్ మేకర్ ధర ప్రతి ఇంట్లోనూ తెలుసు, ఒకసారి తిన్నవాళ్లు రెండోసారి అడగరు. నేనైతే 170 పెడతాను. 133 మిగులుతుంది. చికెన్‌తో పోలిస్తే 23 రూపాయలు తక్కువే. అందులో కొంత వృథా తగ్గడంతో తిరిగొస్తుంది. అమ్ముడుపోని చికెన్ పారేయాల్సిందే, ఎండు మీల్ మేకర్ మాత్రం డబ్బాలో నెలల తరబడి ఉంటుంది. నానబెట్టినది మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకపోతే ఆ రోజే పులుస్తుంది. అందుకని పూటకు ఎన్ని ప్లేట్లు పోతాయో చూసుకుని అంతే నానబెట్టాలి.

రేటు మళ్లీ సవరించాల్సి వస్తే కన్నేయాల్సింది జీడిపప్పు మీద. మీల్ మేకర్ కిలోకు పది రూపాయలు పెరిగినా ప్లేటుకు పడేది 40 పైసలే. జీడిపప్పు వంద పెరిగితే రూపాయిన్నర. అది భారమైన రోజుల్లో వేయించి చల్లే సగం వరకు వేరుశనగ పప్పు వాడొచ్చు. ప్రొటీన్ తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. నూరే సగం మాత్రం జీడిపప్పే ఉండాలి. వేరుశనగ ముద్ద వాసన గరం మసాలాను మింగేస్తుంది.